కొత్త ఫాలోయర్‌కి మొదటి మెసేజ్: చీరాల బొటీక్ ఒకదానికి ఆటో రిప్లై సెట్ చేద్దాం

ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలు, డ్రెస్‌లు అమ్మేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మా పేజీని ఎవరైనా కొత్తగా ఫాలో అయితే వాళ్లకి వెల్‌కమ్ మెసేజ్ దానంతట అదే వెళ్లాలి. ఆ తర్వాత వాళ్లు ఏది అడిగితే దానికి రిప్లై కూడా దానంతట అదే వెళ్లాలి. ఎలా?" ఈ ఎపిసోడ్ మొత్తం దీని గురించే.

ఊరికే చెప్తే అర్థం కాదు కాబట్టి ఒక షాప్‌ని పట్టుకుని చెప్తాను. చీరాలలో ఎంజీసీ మార్కెట్‌కి దగ్గర్లో ఒక అక్క ఈ మధ్యే బొటీక్ పెట్టింది. పేరు చెప్పొద్దంది, చెప్పను. కుప్పడం చీరలు, కాటన్ చీరలు, కొన్ని డ్రెస్ మెటీరియల్స్ ఉంటాయి. రీల్ తీసేది తనే, రిప్లై ఇచ్చేది తనే, పార్సిల్ కట్టేది కూడా తనే. రాత్రి పూట రీల్ పెడితే తెల్లారేసరికి ఇన్‌బాక్స్‌లో వరసగా "ప్రైస్?", "రేట్ ఎంత", "పీపీ" అని మెసేజ్‌లు. అక్క పొద్దున్న పది గంటలకి కూర్చుని ఒక్కొక్కరికీ జవాబు పెట్టేసరికి సగం మంది చూసి వదిలేస్తారు. రాత్రి పడుకునే ముందు చీర కొనాలనిపించిన మనిషికి పొద్దున్న వంటింట్లో అదే మూడ్ ఉండదు కదా.

ఇంకో పని కూడా చేస్తోంది. ఫాలో అయిన ప్రతి ఒక్కరి ప్రొఫైల్ తెరిచి, "థ్యాంక్యూ ఫర్ ఫాలోయింగ్, మా వాట్సాప్ గ్రూప్‌లో చేరండి" అని ఒకే మెసేజ్‌ని కాపీ చేసి పేస్ట్ చేస్తోంది. నేను ఆపమన్న మొదటి పని ఇదే. ఒకే టెక్స్ట్, ఒకే లింక్ తక్కువ టైమ్‌లో చాలామంది తెలియనివాళ్లకి వెళ్తే ఇన్‌స్టాగ్రామ్ దాన్ని స్పామ్ కింద చూస్తుంది. మెసేజ్‌లు పంపకుండా కొంతకాలం ఆపేయొచ్చు. కొత్త షాప్‌కి అది పెద్ద దెబ్బ, ఎందుకంటే నిజంగా కొనడానికి వచ్చినవాళ్లకి కూడా అప్పుడు జవాబు ఇవ్వలేరు.

"మరి ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టు తమ్ముడూ" అంది. ఇక్కడే అసలు విషయం ఉంది. ఫ్రీగా దొరికే సెట్టింగ్స్‌లో "ఎవరైనా ఫాలో అవ్వగానే మెసేజ్ పంపు" అనే ఆప్షన్ లేదు. ఫాలో అవ్వడం వేరు, మాట్లాడటం వేరు. ఎంజీసీ మార్కెట్‌లో నడుస్తున్నారనుకోండి. బోర్డు చూసి ఒక్క నిమిషం ఆగిన మనిషి ఫాలోయర్. గడప దాటి లోపలికి వచ్చిన మనిషి మెసేజ్ పెట్టినవాళ్లు. లోపలికి వచ్చినవాళ్లకి "రండమ్మా, కూర్చోండి, ఏం చూపించమంటారు?" అంటారు. రోడ్డు మీద ఆగినవాళ్ల చెయ్యి పట్టుకుని లాగరు. ఇన్‌స్టాగ్రామ్ ఆటోమేషన్ రూల్ కూడా దాదాపు ఇంతే: మొదటి అడుగు కస్టమర్‌ది. వాళ్లు మెసేజ్ పెట్టాలి, లేదా పోస్ట్ కింద కామెంట్ చెయ్యాలి, లేదా స్టోరీకి రిప్లై ఇవ్వాలి, లేదా ఒక బటన్ నొక్కాలి. అప్పుడే మన మెషీన్ నోరు విప్పుతుంది.

"ప్రతి కొత్త ఫాలోయర్‌కీ ఆటో డీఎం, గ్యారంటీ" అని చెప్పి మీ ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డ్ వాళ్ల యాప్‌లోనే టైప్ చెయ్యమనే టూల్స్ కనిపిస్తాయి. దగ్గరికి కూడా వెళ్లకండి. సరైన టూల్ అయితే మిమ్మల్ని ఇన్‌స్టాగ్రామ్ లేదా ఫేస్‌బుక్ సొంత లాగిన్ పేజీకి పంపి, అక్కడ పర్మిషన్ అడుగుతుంది. మీ పాస్‌వర్డ్ దాని చేతికి వెళ్లదు.

కాబట్టి మన పని ఫాలోయర్‌కి మెసేజ్ పంపడం కాదు. ఫాలోయర్ చేత మొదటి మెసేజ్ పెట్టించడం, అది పెట్టగానే సరైన జవాబు ఇవ్వడం.

ముందు అకౌంట్ ప్రొఫెషనల్ అకౌంట్‌గా ఉండాలి. దాన్ని ఫేస్‌బుక్ పేజీకి కలిపితే Meta Business Suite అనే ఫ్రీ యాప్‌లో Inbox, అందులో Automations కనిపిస్తాయి. మెనూల చోటు అప్పుడప్పుడూ మారుస్తుంటారు కానీ పేర్లు ఇవే. మనకి ముఖ్యమైనవి రెండు. ఒకటి Instant reply: ఒక మనిషి మీకు మొట్టమొదటిసారి మెసేజ్ పెట్టినప్పుడు వెళ్లే జవాబు. రెండోది Frequently asked questions: కొత్త మనిషి మీ చాట్ తెరవగానే, ఏమీ టైప్ చెయ్యకముందే, కింద కనిపించే రెడీమేడ్ ప్రశ్నలు. వీటిని నాలుగు వరకు పెట్టుకోవచ్చు. టైప్ చెయ్యడానికి మొహమాటపడే మనిషి కూడా బటన్ నొక్కుతుంది, అందుకే ఇది నాకు ఇష్టం.

అక్క మొదట రాసుకొచ్చిన Instant reply చూసి నవ్వొచ్చింది. పెళ్లి పత్రికలా ఉంది. షాప్ పేరు, ఓనర్ పేరు, మూడు ఫోన్ నంబర్లు, వాట్సాప్ లింక్, యూట్యూబ్ లింక్, "నో రిటర్న్, నో ఎక్స్‌ఛేంజ్", చివర పది పువ్వులు. ధర అడిగిన మనిషికి ధర తప్ప అన్నీ ఉన్నాయి. పైగా మొదటి లైన్‌లోనే "ఫాలో అయినందుకు ధన్యవాదాలు" అని ఉంది. ఈ జవాబు మొదటిసారి మెసేజ్ పెట్టిన ఎవరికైనా వెళ్తుంది, వాళ్లు ఫాలో అయినా కాకపోయినా. ఫాలో కానివాళ్లకి ఆ థ్యాంక్స్ వింతగా ఉంటుంది.

మన కోడింగ్ బ్యాచ్ కోసం ఒక చిన్న మాట. ఇన్‌స్టాగ్రామ్ ఏపీఐ వాడి సొంతంగా కట్టుకుంటే, మెసేజ్ పెట్టిన మనిషి మిమ్మల్ని ఫాలో అవుతున్నారో లేదో తెలుసుకోవచ్చు:

```
GET /<IGSID>?fields=name,is_user_follow_business
```

ఇది కూడా ఆ మనిషి మెసేజ్ పెట్టిన తర్వాతే పని చేస్తుంది, గమనించండి. అప్పుడు ఫాలోయర్‌కి ఒక మాట, కొత్తవాళ్లకి ఇంకో మాట పంపొచ్చు. ఫ్రీ యాప్‌తో ఆ తేడా చెయ్యలేం కాబట్టి ఇద్దరికీ సరిపోయేలా రాయాలి.

ఏపీఐలో తెలుగు రాసేవాళ్లకి ఇంకో చిక్కుంది. ఒక టెక్స్ట్ మెసేజ్‌కి లిమిట్ 1000 బైట్లు. 1000 అక్షరాలు కాదు, బైట్లు. ఇంగ్లీష్ అక్షరం ఒక బైట్. తెలుగులో ప్రతి అక్షరం, గుణింతం గుర్తు, వత్తు కోసం వాడే గుర్తు అన్నీ తలా 3 బైట్లు.

```
len("saree".encode("utf-8"))   # 5
len("చీర".encode("utf-8"))     # 9
```

అంటే "చీర" అనే చిన్న మాటకే 9 పోయాయి. మొత్తం తెలుగులో రాస్తే 333 గుర్తుల దగ్గర లిమిట్ అయిపోతుంది. ఇంగ్లీష్‌లో బాగా వెళ్లిన మెసేజ్ తెలుగు చేశాక ఎర్రర్ ఇస్తే ముందు ఇదే చూడండి. నా లెక్కలో ఈ లిమిట్ మంచిదే, పెళ్లి పత్రిక రాయనివ్వదు.

చివరికి అక్క పెట్టిన మెసేజ్ ఇది:

"నమస్తే అండి. ఇది ఆటో రిప్లై. మీకు నచ్చిన చీర మీద ఉన్న నంబర్ పంపండి, ఉదాహరణకి K14. ధర వెంటనే వస్తుంది. కలర్స్, స్టాక్ ఉదయం 10 నుంచి రాత్రి 8 లోపు నేనే చూసి చెప్తాను."

మొదటి లైన్‌లోనే ఆటో రిప్లై అని చెప్పేశాం. అక్కకి ఇది నచ్చలేదు, "మర్యాదగా ఉండదేమో" అంది. కానీ రాత్రి పదకొండింటికి క్షణంలో జవాబు వస్తే అవతల మనిషి ఉన్నారనుకుని కస్టమర్ ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. వాటికి జవాబు రాకపోతే "చూసి కూడా పలకట్లేదు" అనుకుంటుంది. ముందే చెప్తే ఆ కోపం ఉండదు. ఇంకో సంగతి, మెసేజ్‌లో అడిగింది ఒక్కటే పని: నంబర్ పంపండి. మూడు పనులు చెప్తే ఒక్కటీ చెయ్యరు.

ఇప్పుడు ఆ నంబర్ సంగతి. మొదట మేం అనుకున్న కీవర్డ్ "చీర". ఎవరైనా చీర అని టైప్ చేస్తే ధరల లిస్ట్ వెళ్లాలని ప్లాన్. కానీ మనవాళ్లు చీరని ఎన్ని రకాలుగా టైప్ చేస్తారో చూడండి: చీర, chira, cheera, cheera rate, saree, sari. అన్నీ కీవర్డ్స్‌గా పెట్టి, "మెసేజ్‌లో ఈ మాట ఎక్కడున్నా సరే" అనే ఆప్షన్ ఆన్ చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఒకావిడ "Chirala lo mee shop ekkada?" అని అడుగుతుంది. అందులో chira ఉంది! షాప్ అడ్రస్ అడిగితే చీరల ధరలు వెళ్తాయి. చీరాలలో షాప్ పెట్టినవాళ్లకి మాత్రమే వచ్చే కష్టం ఇది.

అందుకే మాటలు వదిలేసి నంబర్లకి వచ్చాం. ప్రతి చీరకీ ఒక నంబర్. కుప్పడానికి K, కాటన్‌కి C. రీల్‌లో చీర కనిపించినంతసేపూ ఆ నంబర్ స్క్రీన్ మీద పెద్దగా ఉండాలి. కింద రాస్తే ఎవరూ చదవరు. నంబర్లు కూడా 1 నుంచి కాకుండా 11 నుంచి మొదలుపెట్టించాను. ఎందుకంటే K1 అనే కీవర్డ్ ఉంటే, K14 అని పంపినా అందులో K1 దొరికిపోతుంది, తప్పు ధర వెళ్తుంది. అన్నీ రెండంకెలే అయితే ఆ గొడవ లేదు. K14, K-14, K 14, ఈ మూడు రూపాలు పెట్టుకుంటే దాదాపు అందరూ కవర్ అవుతారు.

ఇలా కీవర్డ్‌కి తగిన రిప్లై, మేనీచాట్ లాంటి టూల్‌లో పెట్టుకోవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో Allow access to messages ఆన్‌లో లేకపోతే బయటి టూల్ ఏదీ మీ మెసేజ్‌లు చదవలేదు. "అన్నీ సెట్ చేశాను, ఏదీ పని చెయ్యట్లేదు" అనేవాళ్లు ముందు అది చూసుకోండి.

K14 కి వెళ్లే జవాబు ఇలా ఉంది: "K14 కుప్పడం, ధర ₹4,850, పోస్టేజ్ కలిపి. ఈ కలర్ ఉందో లేదో చూసి నేనే మెసేజ్ పెడతాను. అప్పటిదాకా డబ్బులు పంపకండి." ఆఖరి వాక్యం నేను పట్టుబట్టి పెట్టించాను. మగ్గం మీద నేసిన చీర ఒక్కో కలర్‌లో ఒక్కటే ఉండొచ్చు. పొద్దున్న షాప్‌కి వచ్చిన కస్టమర్ అది కొనుక్కుని వెళ్లిపోయినా మెషీన్‌కి తెలీదు. మెషీన్ ధర చెప్పొచ్చు, "ఉంది" అని మాత్రం చెప్పకూడదు.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. షాప్ ఫొటో, పేరు కాపీ కొట్టి, యూజర్‌నేమ్‌లో ఒక్క అక్షరం మార్చి, నకిలీ అకౌంట్ పెట్టేవాళ్లు ఉంటారు. వాళ్లు మీ ఫాలోయర్స్ లిస్ట్ చూసి "మీకు చీర గిఫ్ట్ వచ్చింది, కొరియర్ చార్జీలు ఈ క్యూఆర్‌కి పంపండి" అని మెసేజ్ పెడతారు. ఎక్కువగా మోసపోయేది ఎవరు? నిన్ననే ఫాలో అయిన కొత్తవాళ్లు, మీ అసలు యూజర్‌నేమ్ గుర్తుండనివాళ్లు. అందుకే ఆటో రిప్లైలో యూపీఐ నంబర్ గానీ, క్యూఆర్ గానీ ఎప్పుడూ పెట్టకండి. "ఆటో మెసేజ్‌లో డబ్బులు అడగం" అని బయోలో కూడా రాయించాం. ఎవరైనా అప్పటికే డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చెయ్యకుండా 1930 కి ఫోన్ చెయ్యమనండి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్.

ఇప్పుడు నాలుగు రెడీమేడ్ ప్రశ్నలు. షాప్ ఎక్కడ, పార్సిల్ ఎన్ని రోజుల్లో వస్తుంది, ధర ఎలా తెలుసుకోవాలి, ఈ మూడూ తేలికే. నాలుగోది "ఇది చేనేతేనా?" అని పెట్టింది. జవాబుగా "అవును అండి, అన్నీ చేనేతే" అని రాసింది. ఇక్కడ చాలాసేపు మాట్లాడుకున్నాం. చుట్టుపక్కల జాండ్రపేట, వేటపాలెంలో మగ్గాలున్నాయి, కరెక్టే. కానీ షాప్‌లో ఉన్న ప్రతి ముక్కా మగ్గం మీదది కాదు. కాటన్‌లో కొన్ని పవర్‌లూమ్‌వి, డ్రెస్ మెటీరియల్స్ బయటినుంచి వచ్చినవి. ఒకే ఆటో జవాబు అన్నింటికీ "చేనేత" అంటే, అది పవర్‌లూమ్ చీర కొన్నావిడ ఫోన్‌లో రాతపూర్వకంగా, టైమ్‌తో సహా ఉండిపోతుంది. స్క్రీన్‌షాట్ తీస్తే ఏం చెప్తారు? అవతల మగ్గం గుంటలో కూర్చుని నేసినవాళ్ల చీరకి వచ్చే విలువ కూడా దీంతో పోతుంది.

అందుకని జవాబు మార్చాం: "కొన్ని చేనేత, కొన్ని పవర్‌లూమ్. చీర నంబర్ పంపితే ఏదో చెప్తాం." ఒక్కో నంబర్ రిప్లైలో ఆ చీర ఏదో ఒక్క మాటలో రాశాం. హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ ఉన్నవాటికి ఉందని, పట్టుకి సిల్క్ మార్క్ ఉంటే అది ఉందని. లేనివాటికి ఏమీ రాయలేదు.

ఇక టైమ్ లెక్క. టూల్ ద్వారా వెళ్లే ఆటో మెసేజ్‌లకి 24 గంటల కిటికీ ఉంటుంది. కస్టమర్ చివరిగా మెసేజ్ పెట్టిన దగ్గర్నుంచి 24 గంటలు. ఉదాహరణకి శనివారం రాత్రి 9:40 కి ఒకావిడ K14 అని పంపింది. ధర వెంటనే వెళ్లింది. కిటికీ ఆదివారం రాత్రి 9:40 దాకా తెరిచి ఉంటుంది. ఆదివారం పొద్దున్న 10 కి అక్క "ఆకుపచ్చ ఉందండి, మెరూన్ అయిపోయింది" అని పెట్టింది. ఆవిడ 10:15 కి "బార్డర్ దగ్గర్నుంచి చూపిస్తారా" అంటే, లెక్క మళ్లీ మొదటికి వచ్చి సోమవారం 10:15 దాకా సాగుతుంది. మన మెసేజ్‌లతో అది సాగదు, వాళ్ల మెసేజ్‌తోనే సాగుతుంది.

ఆవిడ ఏమీ అనకపోతే ఆ 24 గంటల్లో ఒక్కసారి గుర్తు చెయ్యొచ్చు. మేం పెట్టింది ఆదివారం సాయంత్రం 6 కి వెళ్లేలా: "K14 పల్లూ వీడియో కావాలా అండి? 'వీడియో' అని పెట్టండి." అంతే, ఇంకోటి లేదు. ఆఫర్ పెట్టి మూడుసార్లు వెంటపడటం నాకు నచ్చదు. వద్దనుకున్న మనిషి మ్యూట్ చేసేస్తుంది, తర్వాత మీరు పెట్టే మంచి చీర కూడా చూడదు. కిటికీ మూసుకున్నాక టూల్ ఆటో మెసేజ్ పంపలేదు గానీ, అక్క తన ఫోన్‌లో ఇన్‌స్టాగ్రామ్ తెరిచి చేత్తో రిప్లై పెట్టుకోవచ్చు.

రీల్ కింద కామెంట్ పెట్టినవాళ్లకి డీఎం పంపాలంటే రూల్ ఇంకొంచెం గట్టిది. కామెంట్ పెట్టిన 7 రోజుల్లోపు, ఒకే ఒక్క మెసేజ్. వాళ్లు తిరిగి పలికితేనే రెండోది. మిమ్మల్ని ఫాలో అయినవాళ్లకి అది ఇన్‌బాక్స్‌లోకి వెళ్తుంది, కానివాళ్లకి Requests లో పడుతుంది. ఆ ఫోల్డర్ రోజూ ఎవరు చూస్తారు చెప్పండి. అందుకే డీఎం పంపాక కామెంట్ కింద "మెసేజ్ పెట్టాం అండి, Requests లో చూడండి" అని చిన్న రిప్లై కూడా పెట్టించాం.

ఒక్కటి మాత్రం ఆటోమేషన్‌లో పెద్ద గొడవ చేస్తుంది. అక్క మనిషిగా మాట్లాడుతున్నప్పుడు మధ్యలో మెషీన్ దూరడం. అక్క "K22 లో ఇంకో బార్డర్ ఉంది అమ్మా" అంటుంటే కస్టమర్ "K22 వద్దులెండి" అంటుంది. మెషీన్‌కి "వద్దు" కనపడదు, K22 కనపడుతుంది, ధర మళ్లీ పంపేస్తుంది. కాబట్టి అక్క చాట్‌లోకి దిగగానే ఆ ఒక్క మనిషికి ఆటోమేషన్ ఆపాలి. మీరు తీసుకునే టూల్‌లో ఆ ఆప్షన్ ఎక్కడుందో డబ్బు కట్టే ముందే చూసుకోండి. అది లేకపోతే ఆ టూల్ వద్దు.

టెస్ట్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త. Instant reply ఒక మనిషికి మొదటి మెసేజ్‌కే వెళ్తుంది. మీ పర్సనల్ అకౌంట్ నుంచి ఒకసారి చూసేశాక, మెసేజ్ మార్చి అదే అకౌంట్‌తో మళ్లీ చూస్తే రాదు. "పాడైపోయింది" అనుకుంటారు. పాడవలేదు. ఇంతవరకు షాప్‌కి ఎప్పుడూ మెసేజ్ పెట్టని ఫోన్ కావాలి, చెల్లెలిదో పక్కింటివాళ్లదో. బటన్ ప్రశ్నలు కూడా అదే ఫోన్‌లో నొక్కి, రెండు జవాబులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయేమో చూడండి.

పెట్టాక పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? లైక్‌లు, ఫాలోయర్స్ చూడకండి. వారానికోసారి ఇన్‌బాక్స్ తెరిచి, ఆ వారం కొత్తగా మొదలైన చాట్‌లు లెక్కపెట్టండి. వాటిలో ఆటో రిప్లై తర్వాత కస్టమర్ రెండో మెసేజ్ పెట్టినవి ఎన్ని? 40 చాట్‌లు మొదలై 8 మాత్రమే ముందుకు వెళ్తే తప్పు మొదటి మెసేజ్‌లో ఉంది: పొడుగ్గా ఉందో, అడిగినదానికి జవాబు లేదో. 30 మంది నంబర్ పంపి, ధర చూశాక ఆగిపోతుంటే మెసేజ్ బాగానే ఉంది. అప్పుడు చూడాల్సింది ధర, లేదా రీల్‌లో చూపించిన తీరు. ఈ రెండింటికీ మందు వేరు వేరు కాబట్టి విడివిడిగా లెక్క రాసుకోమన్నాను. అక్క షాప్‌లో బిల్లుల పుస్తకం వెనక పేజీలో గీతలు గీసి రాస్తోంది, అది చాలు.

అక్క ఇంకో ప్రశ్న అడిగింది: మెసేజ్ తెలుగు లిపిలో పెట్టాలా, ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు పెట్టాలా? నేనైతే తెలుగు లిపే అంటాను. ఒంగోలు, గుంటూరు నుంచి అడిగే పెద్దవాళ్లు హాయిగా చదువుకుంటారు. బయటి దేశాల్లో ఉన్న మన పిల్లల్లో తెలుగు చదవడం రానివాళ్లూ ఉంటారు, వాళ్ల కోసం ఆఖర్లో "For English, type E" అని ఒక్క లైన్ చాలు. అయితే E అనే కీవర్డ్‌కి మాత్రం "మెసేజ్ మొత్తం ఇదే అయితేనే" అనే ఆప్షన్ పెట్టండి. లేకపోతే చాలా ఇంగ్లీష్ మాటల్లో ఒక E ఉంటుంది, అవి టైప్ చేసిన కస్టమర్లందరికీ ఇంగ్లీష్ మెసేజే వెళ్తుంది.

మీ షాప్ మొదటి మెసేజ్ ఇప్పుడు ఏముందో కామెంట్స్‌లో పెట్టండి, ఫోన్ నంబర్లు తీసేసి పెట్టండి. వాటిలో కొన్ని తీసుకుని వచ్చే ఎపిసోడ్‌లో తిరగరాద్దాం.